చివరన నిలబడ్డ మేనత్త

మా ఇంటి హాల్లో గోడమీద చెల్లెలి పెళ్ళి ఫొటో ఒకటి ఉంది. మండపం మెట్ల ముందు పదకొండు మంది ఒకే వరుసలో నిలబడిన ఫొటో. తీసింది నేనే. ఎడమ చివర నిలబడింది మా మేనత్త. ఆ రోజు ఆవిడ మోచేతుల దాకా గాజులు వేసుకుంది. ఫొటోలో మాత్రం ఒక చెయ్యి లేదు, భుజం దగ్గరే ఫ్రేము చెక్క మొదలవుతుంది. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ ఫొటో ముందు ఆగి, "ఏరా, నా చెయ్యి ఎక్కడ దాచావురా?" అని అడుగుతుంది. పాతికేళ్ళుగా కెమెరా పట్టుకుని బతుకుతున్నవాణ్ణి, ఆ ప్రశ్నకు ఇప్పటికీ నవ్వేసి ఊరుకుంటాను.

ప్రింటు వేసినతను ఏ తప్పూ చెయ్యలేదు. ఫ్రేము కట్టినతనూ చెయ్యలేదు. కెమెరా తెరమీద చూసినప్పుడు మేనత్త పక్కన ఖాళీ ఉంది, నాకు బాగా గుర్తు. ఆ ఖాళీ ఎటుపోయిందో చెప్పాలంటే కొంచెం లెక్క వెయ్యాలి.

నా కెమెరా 24 మెగాపిక్సెళ్ళది. ఫొటో 6000 పిక్సెళ్ళ వెడల్పు, 4000 ఎత్తు. అంటే మూడుకు రెండు. మేం అడిగిన ప్రింటు 8×10 అంగుళాలది, అంటే అయిదుకు నాలుగు. 4000 ఎత్తు మొత్తం వాడుకుంటే అయిదుకు నాలుగు కొలతలో వెడల్పు 5000 మాత్రమే అవుతుంది. మిగిలిన వెయ్యి పిక్సెళ్ళు ఎవరో ఒకరు కోసేయాలి, ఒక్కో పక్క 500. నేను మేనత్త పక్కన వదిలిన ఖాళీ సరిగ్గా అంతే. అక్కడితో ఆగినా గాజుల చెయ్యి అంచుకు ఆనుకుని బతికేది. కానీ ఫ్రేము చెక్క ప్రింటుమీద నాలుగు పక్కలా పావు అంగుళం మేర ఎక్కి కూర్చుంటుంది, ఫొటో జారిపడకుండా పట్టుకోవాలి కదా. పది అంగుళాల ప్రింటులో పావు అంగుళమంటే మన లెక్కలో 125 పిక్సెళ్ళు. వరుసలో ఒక్కొక్కరు ఆక్రమించింది దాదాపు 450. అందులో 125 పోతే మిగిలేది చెయ్యి లేని మేనత్తే.

ఈ కొలతలు ఒకదానికొకటి కుదరకపోవడం ఇవాళ్టి గొడవ కాదు. సినిమా రీలుమీద ఫొటోలు తియ్యాలన్న ఆలోచనతో ఓస్కర్ బర్నాక్ అనే జర్మన్ ఇంజనీరు చిన్న కెమెరా తయారు చేశాడు. అది 1925లో లైకా పేరుతో బజారుకొచ్చింది. 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఆ ఫ్రేమే నేటి పెద్ద కెమెరాల మూడుకు రెండు. 8×10 కొలత అంతకంటే పాతది, పెద్ద పెట్టె కెమెరాల కాలంది. ఫోన్ల కెమెరాది నాలుగుకు మూడు. టీవీది పదహారుకు తొమ్మిది. వాట్సాప్ స్టేటస్ దాన్నే నిలబెట్టిన తొమ్మిదికి పదహారు. డీపీ గుండ్రం. వీటిలో ఏ రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. మా గురువుగారి స్టూడియోలో 120 రోలు వేసే రెండు కళ్ళ కెమెరా ఉండేది. రోలుకు పన్నెండు చతురస్రపు బొమ్మలొచ్చేవి. ఆయన ఎప్పుడూ చుట్టూ ఖాళీ వదిలి తీసి, నిలువో అడ్డమో తర్వాత చీకటి గదిలో తేల్చేవారు. మేం కుర్రకారు 35 ఎంఎం చేతికి రాగానే 'ఫ్రేము నిండా కొట్టాలి' అని బయల్దేరాం.

ఫ్రేము నిండా కొట్టినా అప్పట్లో పెద్దగా నష్టపోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. చాలా పాత కెమెరాల్లో కంటికి కనబడేదాని కంటే ఫిల్ముమీద కొంచెం ఎక్కువే పడేది. మనకు తెలియకుండానే చుట్టూ కాస్త చోటు మిగిలేది. ఇప్పటి అద్దం లేని కెమెరాల తెరమీద కనబడేది ఫైలులో ఉన్నదే, అంతకుమించి పిక్సెలు కూడా లేదు. ఆ మిగులు మనమే కావాలని వదలాలి.

ఎంత వదలాలి? అదే పదకొండు మందిని ఇప్పుడు మళ్ళీ నిలబెట్టాననుకోండి. మనిషికి అడుగున్నర చొప్పున వరుస దాదాపు పదహారు అడుగులు, ఎత్తు ఆరడుగులు. నేనిప్పుడు తెర వెడల్పును మనసులో ఎనిమిది భాగాలు చేసి, చెరో చివర ఒక భాగం ఖాళీగా ఉంచుతాను. అంటే ఒక్కో పక్క 750 పిక్సెళ్ళు. 8×10 కోత 500 తీసుకుంటుంది, ఫ్రేము చెక్క 125 తీసుకుంటుంది, ఇంకో 125 నాకు మిగులుతాయి. ఆ మిగిలినదీ వృథా కాదు. పెళ్ళి హడావుడిలో కెమెరా ఒక డిగ్రీ రెండు డిగ్రీలు వాలడం మామూలే. రెండు డిగ్రీల వాలు సరిచేసి అదే కొలత నిలబెట్టుకోవాలంటే వెడల్పులో నూటికి అయిదు వంతులు పోతాయి. ఒక్కో పక్క దాదాపు 150. మన మిగులుకు అది కాస్త ఎక్కువే. కాబట్టి వరుస తీసేటప్పుడు మండపం స్తంభాన్ని చూసి కెమెరా నిటారుగా పట్టుకోవడం కూడా చోటు మిగుల్చుకునే పనే.

వరుస ఇప్పుడు 4500 పిక్సెళ్ళ వెడల్పులో ఉంది. ఎత్తు 1600 పైచిలుకు. పైనా కిందా బోలెడంత ఖాళీ. కుర్రవాళ్ళకు ఇది చూస్తే చెయ్యి దురద పెడుతుంది, 'సార్, పైన అంతా ఖాళీ, జూమ్ చేద్దామా?' అంటారు. వద్దంటాను. ఆ ఖాళీ చూసి దగ్గరికి జరిగితే పోయేది పైనున్నది కాదు, పక్కనున్నవాళ్ళు.

ఈ ఫొటోకి అసలు పరీక్ష ఆల్బమ్‌లో. మన ఆల్బమ్ షీటు 12×36, మధ్యలో మడతతో రెండు 12×18 పేజీలు. ఒక్క పేజీలో పెడితే 12×18 కూడా మూడుకు రెండే, కోత లేకుండా ఫొటో మొత్తం పడుతుంది. కానీ పెళ్ళివారికి ఈ వరుస షీటంతా పరుచుకోవాలని ఉంటుంది. అప్పుడు కొలత మూడుకు ఒకటి. 6000 వెడల్పుకు 2000 ఎత్తే మిగులుతుంది. మన వరుస ఎత్తు 1600 చిల్లర కాబట్టి తలలూ కాళ్ళూ క్షేమం. ఇక్కడ ఇంకో చిక్కుంది. పదకొండు బేసి సంఖ్య. వరుసను సరిగ్గా మధ్యలో పెడితే ఆరో మనిషి ముక్కుమీదుగా మడత వెళుతుంది. మా చెల్లెలి ఫొటోలో ఆ ఆరో మనిషి పెళ్ళికొడుకు. మడత ఇద్దరి మధ్యలో పడాలంటే ఫొటోను అర మనిషంత పక్కకు జరపాలి, దాదాపు 200 పిక్సెళ్ళు. జరపడానికి చోటుంటేనే జరుగుతుంది. చివర్లలో 750 వదిలాం కాబట్టి, 5600 వెడల్పు ముక్క కోసి ఒక పక్కకు జరిపి పెట్టొచ్చు. ఎవరి ముక్కూ మడతలో పడదు, ఎవరి చెయ్యీ పోదు. 36 అంగుళాల షీటుకు 5600 అంటే అంగుళానికి 155 పిక్సెళ్ళు. 300 ఉండాలని ల్యాబుల వాళ్ళు చెబుతారు. ఒళ్ళో పెట్టుకుని చూసే ఆల్బమ్‌కు 150 తో నేను సర్దుకుపోతాను. అంతకంటే దిగితే మాత్రం చీరల జరీ మెత్తబడిపోవడం కనిపిస్తుంది.

ఇదే ఫైలును చతురస్రంగా కోస్తే కథ మారుతుంది. చతురస్రం వెడల్పు 4000, వరుస వెడల్పు 4500. ఒక్కో పక్క 250 కోత పడుతుంది. చివరివాళ్ళిద్దరికీ సగానికి పైగా మనిషి పోతారు, మొహంతో సహా. నిలువు స్టేటస్‌కైతే 2250 వెడల్పే దక్కుతుంది, అయిదుగురు పడతారు. ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పేసుకున్నాను. ఎంత చోటు వదిలినా పదకొండు మంది వరుస నిలువు ఫొటో కాదు. బలవంతం చేసి వెనక్కి వెనక్కి వెళితే మొహాలు శనగ గింజలవుతాయి. అందుకే మధ్య అయిదుగురిని మాత్రం జాగ్రత్తగా నిలబెడతాను. నడుమ పెళ్ళికొడుకు, పక్కనే పెళ్ళికూతురు, వాళ్ళకు ఆనుకుని తల్లిదండ్రుల్లో ఎవరు పడితే వాళ్ళు. ఎక్కడ కోసినా ఆ అయిదుగురు పూర్తిగా ఉంటారు. కుడి చివరా ఎడమ చివరా మా ఇళ్ళల్లో మాట పట్టింపు ఉన్నవాళ్ళను నిలబెట్టకూడదని కూడా నేర్చుకున్నాను, అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

చతురస్రం తప్పదనుకుంటే రెండు వరుసలు చెయ్యడమే దారి. అయిదుగురిని కుర్చీల్లో కూర్చోబెట్టి ఆరుగురిని వెనక నిలబెడితే వెడల్పు పదహారు అడుగుల నుంచి పదికి దిగుతుంది. రెండు రకాలనూ చతురస్రంలో ఒకే ఖాళీతో పట్టించి చూడండి, రెండు వరుసల ఫొటోలో మొహాలు ఒకటిన్నర రెట్లకు పైగా పెద్దగా వస్తాయి. గోడ ఫ్రేముకూ డీపీకీ ఇది బంగారం. అయితే మడత షీటుకు ఇది పనికిరాదు, మూడుకు ఒకటి కోతలో కాళ్ళో తలపాగాలో పోతాయి. కాబట్టి ఇప్పుడు రెండూ తీస్తాను. కుర్చీలు తెప్పించడానికి రెండు నిమిషాలు, అంతే. పెళ్ళివాళ్ళు విసుక్కుంటారు, ముహూర్తం దాటిపోయిందిగా అని నేను విసుక్కోను.

వెనక్కి జరగడమా, జూమ్ తగ్గించడమా అనేది చాలామందికి ఒకటే అనిపిస్తుంది. కాదు. పదహారు అడుగుల వరుస చుట్టూ మన ఎనిమిదో వంతు ఖాళీ రావాలంటే ఎదురుగా 21 అడుగుల వెడల్పు కనబడాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 35 ఎంఎం లెన్సుతో అందుకు 21 అడుగుల దూరంలో నిలబడాలి. 24 ఎంఎం అయితే 14 అడుగులు చాలు. 14 అడుగుల్లో పనైపోతుంటే అంత దూరం ఎందుకంటారా? వెడల్పు లెన్సు అంచుల దగ్గర మనుషులను పక్కకు సాగదీస్తుంది. చివరన నిలబడ్డవాళ్ళ బుగ్గలు ఉబ్బుతాయి, నడుము లావవుతుంది. చెయ్యి పోయిన మేనత్త నవ్వుతూ అడిగింది గానీ, లావుగా పడిన మేనత్త నవ్వదు. వెనక్కి వెళ్ళే చోటున్నప్పుడు మొదటి వరుస కుర్చీలు రెండు జరిపించుకునైనా వెళ్ళాలి. నా ఉద్దేశంలో గ్రూపు ఫొటోలో లెన్సు మార్చడం ఆఖరి మాట.

వెనక్కి వెళ్ళాక కొత్త చుట్టాలు ఫ్రేములోకి వస్తారు. వీడియో లైటు స్టాండు, ప్లాస్టిక్ కుర్చీ, నీళ్ళ సీసాల పెట్టె, నేలమీద కేబులు. తర్వాత కోసేస్తాంలే అనుకుంటాం. కానీ చోటు వదిలిందే ఏ కోత పడుతుందో తెలియక కదా. ఒక కోతలో పోయిన కుర్చీ ఇంకో కోతలో తిరిగి వస్తుంది. షీటు నిండా పరిచినప్పుడు ఆ పెట్టె రంగు బీరువా తలుపులా మెరుస్తుంది. వదిలే ఖాళీ కూడా ఫొటోయే, ముందు దాన్ని ఖాళీ చేయించాలి.

పక్కల సంగతి ఇంతసేపు చెప్పాను గానీ, ఇద్దరు మనుషుల ఫొటోల్లో ప్రమాదమంతా పైనుంచే. మన పెళ్ళిలో ముఖ్యమైనవన్నీ తలమీదే జరుగుతాయి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరి చేతులూ ఎదుటివాళ్ళ నడినెత్తిన ఉంటాయి. తలంబ్రాలప్పుడు దోసిళ్ళు తలకంటే పైకి లేస్తాయి, బియ్యం ఇంకా పైకి ఎగురుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు తలదాకా ఫ్రేము కట్టి ఎదురుచూస్తాడు, తలంబ్రాలు లేచేసరికి అతని ఫొటోలో మోచేతులు మిగులుతాయి. తలంబ్రాలకు నేను కెమెరా నిలువుగా తిప్పి, కూర్చున్నవాళ్ళ తలపై నుంచి కనీసం ఇంకో రెండడుగులు కనబడేలా కట్టుకుంటాను. ఆ నిలువు ఫొటోను స్టేటస్ కొలతకు కోసినా పక్కల నుంచి కొంచెమే పోతుంది, ఎత్తు పూర్తిగా ఉంటుంది. అయినా స్టేటస్‌లో పైన పెట్టినవాళ్ళ పేరు, కింద జవాబు రాసే గడి ఫొటోమీదే వస్తాయి. పైన ఎగిరే బియ్యం సరిగ్గా పేరు కింద పడితే పడ్డ శ్రమంతా దండగ. డీపీ గుండ్రానికి నాలుగు మూలలూ పోతాయి. ఇద్దరి తలలూ మూలల్లోకి రాకుండా మధ్యకు దగ్గరగా, పైన ఖాళీతో ఉంటేనే ఆ గుండ్రంలో ఇమిడేది.

కాళ్ళ దగ్గర నాకొక పట్టింపు. కోత మోకాలి కింద పిక్కల మధ్యలోనైనా పడొచ్చు, నడుము దగ్గరైనా పడొచ్చు, చీలమండ దగ్గర మాత్రం పడకూడదు. మనిషి నేలకు అందకుండా వేలాడుతున్నట్టుంటుంది. చీర అంచు, మెట్టెలు, పారాణి అన్నీ అక్కడే ఉంటాయి. అందుకే నిలువెత్తు ఫొటోలో పాదాల కింద జానెడు నేల వదులుతాను. తర్వాత ఎవరు ఏ కొలతకు కోసినా ఆ జానెడే పోతుంది.

వెడల్పు బొమ్మను ఇరుకు చట్రంలోకి నెడితే ఏమవుతుందో మన సినిమావాళ్ళకు ముందే తెలుసు. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' 1974లో వచ్చింది. అలాంటి వెడల్పు సినిమాను పాత డబ్బా టీవీ నిండా పట్టించాలంటే బొమ్మలో నూటికి నలభైకి పైగా పక్కల నుంచి కోసేయాలి. ఒక అంచున హీరో, ఇంకో అంచున హీరోయిన్ నిలబడి మాట్లాడుకునే సీన్లలో టీవీకి దక్కేది మధ్యలో ఉన్న గోడే. ఆ ఇబ్బంది చూశాకే చాలాచోట్ల కెమెరా కంటిలోనే రెండు చట్రాల గీతలు గీసుకుని, పెద్ద చట్రానికి తీస్తూ ముఖ్యమైనదాన్ని చిన్న చట్రంలో ఉంచడం మొదలుపెట్టారు. ఇప్పుడు చాలా కెమెరాల మెనూలో ఆ గీతలు తెరమీద తెచ్చుకునే వీలుంది. లేకపోతే తెరకు అతికించిన పలుచటి పారదర్శక కాగితంమీద స్కేలుతో నాలుగు గీతలు గీసుకున్నా సరిపోతుంది. నేను మొదట్లో అదే చేశాను.

ఫోనుతో తీసేవాళ్ళు ఒక్కటి చూసుకోండి. కెమెరా యాప్‌లో 4:3, 16:9, Full, 1:1 అని కనబడతాయి. తెర నిండా వస్తుందని Full పెడతారు. చాలా ఫోన్లలో ఫొటోలకు 4:3 ఒక్కటే పూర్తి బొమ్మ, మిగతావి దాన్నే ముందే కోసి ఇచ్చినవి. కోసింది మళ్ళీ రాదు. 4:3లో ఉంచి తీస్తే మిగతా మూడూ తర్వాత తీరిగ్గా కోసుకోవచ్చు. వీడియో అయితే 4K లో అడ్డంగా తియ్యండి. దాని ఎత్తు 2160, అందులోంచి నిలువు ముక్క కోస్తే 1215 వెడల్పు వస్తుంది. స్టేటస్‌కు, రీల్‌కు 1080 చాలు. మామూలు HD లో అడ్డంగా తీసి నిలువుగా కోస్తే మాత్రం 600 చిల్లరే మిగిలి బొమ్మ అలుక్కుపోతుంది. అడ్డంగా తీసేటప్పుడు మనిషి తెర మధ్యలో మూడో వంతు దాటి పక్కకు పోకుండా చూసుకోండి, కోత అక్కడే పడుతుంది.

ఫొటో ఎప్పుడు ఏ కొలతలోకి పోతుందో తీసిన రోజున ఎవరికీ తెలియదు. గృహప్రవేశం ఫ్లెక్సీకి కావచ్చు. ఇంట్లో పెద్దాయన పోయిన రోజు సాయంత్రానికల్లా ఫ్లెక్సీకి ఫొటో కావాలంటే అందరూ వెతికేది పాత పెళ్ళి ఆల్బమే. అలాంటి రోజున ఒక తాతగారి ఫొటో కోసం నా దగ్గరికి వచ్చారు. గ్రూపు ఫొటోలో ఆయన తలపాగా పైన ఫ్రేము అంచు తగిలి ఉంది. దండ పెట్టడానికి, పేరు రాయడానికి పైన వేలెడు చోటు లేదు. కంప్యూటర్లో వెనకున్న తెర రంగు పూసి ఎలాగో పని నడిపించాను. దగ్గరగా చూస్తే ఆ పూత ఇప్పటికీ తెలుస్తుంది.

అందుకే పెళ్ళివారికి ఒక మాట. ఫొటోగ్రాఫరు దగ్గర ఆల్బమ్ తీసుకున్నాక పని అయిపోయిందనుకోకండి. ఆల్బమ్‌లోకి వెళ్ళినవన్నీ కోసిన ముక్కలే. కోయని అసలు ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపించుకుంటే సైజు తగ్గిపోతుంది, తప్పదనుకుంటే డాక్యుమెంటుగా పంపమనండి. మా చెల్లెలి పెళ్ళి అసలు ఫైలు నా దగ్గర ఉంది. అందులో మేనత్తకు రెండు చేతులూ ఉన్నాయి, గాజులన్నీ లెక్కపెట్టొచ్చు. వచ్చే సంక్రాంతికి 12×18లో, చుట్టూ తెల్ల అట్ట వేయించి ఆవిడకే ఇవ్వబోతున్నాను.